మూడోసారి వచ్చిన బ్రేక్ శబ్దం, మూడోసారి రాసిన మెయిల్

మొన్న ఎయిర్‌పోర్టు పార్కింగులో బండ్లు వరసలో పెట్టుకుని టీ తాగుతుంటే ఒక తమ్ముడు అన్నాడు. "అన్నా, బ్రేక్ సౌండ్ గురించి మేనేజర్ సార్‌కి నాలుగుసార్లు చెప్పిన. నాలుగుసార్లూ షెడ్డుకి పంపిండు, నాలుగుసార్లూ మళ్లీ వచ్చింది. ఇగ చెప్పుడు దండగ." పక్కనున్న ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలలూపారు. నేను ఆ రోజు గట్టిగానే వాదించాను కానీ రైడ్ పడేసరికి మధ్యలో లేచి రావాల్సి వచ్చింది, అందుకే చెప్పాలనుకున్నది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నా మాట ఒక్కటే. శబ్దం మళ్లీ మళ్లీ వస్తోందంటే చెప్పడం దండగ అని కాదు, చెప్పిన పద్ధతిలో పాత సంగతి తెగిపోతోందని అర్థం. ప్రతిసారీ "బ్రేక్ సౌండ్ వస్తోంది" అని కొత్త కంప్లైంట్ లాగా రాస్తాం, షెడ్డు వాళ్లు కొత్త జాబ్ కార్డు తెరుస్తారు, ప్యాడ్లు మారుస్తారు, కార్డు మూసేస్తారు. ఇది మూడోసారి అన్న సంగతి ఎవరి కాగితం మీదా ఉండదు. అసలు రోగం ఎక్కడుందో చెప్పేది ఆ "మూడోసారి" అన్న ముక్కే.

నేను మా కంపెనీ బండి నడుపుతాను, అంటే నాకని కేటాయించిన బండి, సొంతది కాదు. పగలు నేను, రాత్రి ఇంకో తమ్ముడు. ముందు చక్రాలకి డిస్క్, వెనక డ్రమ్ము ఉండే మామూలు సెడాన్. డ్రైవింగ్‌లోకి రాకముందు కుర్రతనంలో మూడేళ్లు ఒక షెడ్డులో స్పానర్లు అందించాను కాబట్టి కొంత తెలుసు, అయినా నేను మెకానిక్‌ని కాను. ఇక్కడ నేను చెప్పేదాంట్లో మెకానిక్ అయితేనే చేయగలిగేది ఏదీ లేదు.

మొదటి రెండు మెయిళ్లు

జూన్ 12న, మీటరు మీద 84,210 ఉన్నప్పుడు మొదటిసారి రాశాను. "సార్, బండి బ్రేక్ సౌండ్ వస్తోంది, చూడగలరు." అంతే, ఒక్క లైను. సార్ షెడ్డుకి పంపమన్నారు. సాయంత్రానికి బండి వచ్చింది, ముందు ప్యాడ్లు కొత్తవి వేశారు, శబ్దం లేదు. థాంక్యూ సార్ అని కూడా పెట్టాను.

సుమారు 2,400 కిలోమీటర్ల తర్వాత మళ్లీ అదే కీచు. ఈసారి మెయిల్ కూడా రాయలేదు, ఫోన్ చేసి చెప్పాను. షెడ్డులో కుర్రాడు చక్రం విప్పి, ప్యాడ్లు తీసి, ఎమరీ పేపరుతో రుద్ది, గాలి కొట్టి బిగించాడు. బయటికి తెస్తే శబ్దం మాయం. 900 కిలోమీటర్లు కూడా తిరగలేదు, మళ్లీ మొదలు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ రోజు వెనక సీట్లో ఒక పెద్దావిడ, మనవరాలు ఉన్నారు, ఆస్పత్రి దగ్గర సిగ్నల్లో ఆగుతుంటే బండి కీచుమంది. ఆవిడ సీటు పట్టుకుని "బాబూ, బ్రేకులు బాగానే ఉన్నాయా?" అని అడిగింది. బాగానే ఉన్నాయమ్మా అన్నాను. ఆ మాట అన్నాక మనసు ఒప్పుకోలేదు, ఎందుకంటే బాగున్నాయో లేదో నాకు నిజంగా తెలియదు. ఆ రాత్రి రెండో మెయిల్ రాశాను. మీరు మా ప్రాణాలతో ఆడుకుంటున్నారు, ప్యాసింజర్లకి ఏమన్నా అయితే ఎవరు బాధ్యులు, షెడ్డు వాళ్లు దొంగ పని చేస్తున్నారు, ఇలా ఒక పేజీ. రాసేటప్పుడు ప్రతి ముక్కా న్యాయమే అనిపించింది. ఇప్పుడు తీసి చదివితే అందులో ఏ చక్రమో లేదు, ఎంత స్పీడులోనో లేదు, ఎన్ని కిలోమీటర్లకి తిరిగి వచ్చిందో లేదు. సార్ దగ్గర్నుంచి వచ్చిన జవాబు, "ప్యాడ్లు మళ్లీ మార్పిస్తాను, మీరు కూడా బ్రేక్ మీద కాలు పెట్టి నడపడం తగ్గించండి" అని.

ఆ రెండో ముక్క బాగా గుచ్చుకుంది. కానీ ఆయనకి ఇంకేం దారి ఇచ్చాను నేను? నా మెయిల్లో ఉన్నది కోపం ఒక్కటే. కోపానికి జవాబుగా ఆయన మళ్లీ ప్యాడ్లు కొన్నారు, కాస్త తప్పు నా మీదకి తోశారు. జులై 4న, 87,900 దగ్గర, రెండో జత కొత్త ప్యాడ్లు పడ్డాయి. మూడు వారాల్లో రెండు జతలు. మా సిటీ నడకకి ముందు ప్యాడ్లు మామూలుగా 25,000, 30,000 కిలోమీటర్లయినా వస్తాయి.

శబ్దం ఎక్కడ, ఎప్పుడు

90,400 దగ్గర శబ్దం మళ్లీ వచ్చినప్పుడు వెంటనే రాయలేదు. మూడు రోజులు ఆగాను. ఆగడం తప్పేమో అన్న భయం ఉంది నాకు, దాని గురించి కింద రాస్తాను. ముందు ఆ మూడు రోజులూ ఏం చేశానో చెప్తాను, ఎందుకంటే మూడో మెయిల్‌కి బలం అక్కడి నుంచే వచ్చింది.

బ్రేక్ శబ్దాలన్నీ ఒకటి కాదు. వాన పడిన రాత్రి బయట పెట్టిన బండిని పొద్దున్నే తీస్తే మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమంటుంది. డిస్క్ మీద పట్టిన పల్చటి తుప్పు పొర అది, ప్యాడ్ తుడిచేస్తుంది, పోతుంది. దానికి కంప్లైంట్ రాస్తే మన మాటకి విలువ పోతుంది. ప్యాడ్ పూర్తిగా అరిగి ఇనప పలక డిస్క్‌కి తగిలితే వచ్చే గరుకు శబ్దం వేరు, అది పెడల్ కింద కాలికి కూడా తెలుస్తుంది. అలాంటిది వస్తే, లేదా పెడల్ మామూలుకన్నా లోపలికి దిగుతుంటే, మెయిల్ రాస్తూ కూర్చోకూడదు. బండి పక్కకి ఆపి ఫోన్ చేయాలి, ఎవరు ఏమన్నా కదలకూడదు. ఇంకొకటి ఉంది. కొన్ని ప్యాడ్లకి చిన్న రేకు నాలుక ఉంటుంది, ప్యాడ్ మందం రెండు మూడు మిల్లీమీటర్లకి దిగాక అది డిస్క్‌కి రాసుకుని కీచుమని, మార్చే టైమయిందని చెప్తుంది. బ్రేక్ తొక్కకుండా బండి దొర్లుతున్నప్పుడు కూడా ఆ శబ్దం వస్తుంది.

నాది వీటిలో ఏదీ కాదు. 30 కిలోమీటర్ల స్పీడు లోపల, పెడల్ మీద మెల్లగా కాలు వేసినప్పుడు సన్నగా, ఈల వేసినట్టు వచ్చేది. గట్టిగా తొక్కితే ఆగిపోయేది. పొద్దున్న మొదటి అరగంట ఉండేది కాదు, బండి వేడెక్కాక వచ్చేది. షెడ్డు మా ఆఫీసుకి కిలోమీటరు దూరంలోనే ఉంది, పొద్దున్నే బండి అక్కడ పెట్టేవాళ్లం. చల్లటి బండిలో కుర్రాడు గేటు దాకా వెళ్లి వచ్చి "ఏం సౌండ్ లేదన్నా" అనేవాడు. వాడు అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఏ వైపో తెలుసుకోవడానికి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పనికొచ్చింది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్లకి పైనే ఉండే ఆ ఫ్లైఓవర్‌కి రెండు పక్కలా పిట్టగోడ ఉంటుంది. తెల్లవారుజామున, వెనక బండ్లు లేనప్పుడు, కిందికి దిగే ర్యాంపు మీద ఎడమ అంచుకి వచ్చి, ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి మెల్లగా బ్రేక్ వేశాను. పక్కన గోడ ఉంటే చక్రం శబ్దం దానికి కొట్టుకుని నేరుగా కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఎడమ ముందు చక్రం. కుడివైపు గోడ ఉన్నచోట ఇలాగే చేస్తే అటు నుంచి శబ్దం తిరిగి రాలేదు.

ఇంకొక పరీక్ష ఉంది, చెవి కూడా అక్కర్లేదు. అదే ఫ్లైఓవర్ మీద బ్రేక్ దాదాపు వేయకుండా వెళ్లి, దిగాక మెల్లగా ఆగి, చేతిని ముందు చక్రాల దగ్గరికి తీసుకెళ్లాను. ముట్టుకోకూడదు, డిస్క్ చెయ్యి కాల్చేస్తుంది, చక్రానికి బెత్తెడు దూరంలో అరచెయ్యి పెడితే చాలు. కుడి చక్రం దగ్గర గోరువెచ్చగా ఉంది, ఎడమ చక్రం దగ్గర పొయ్యి ముందు పెట్టినట్టుంది. దిగేటప్పుడు వేసిన బ్రేక్ రెండు చక్రాలకీ ఒకేలా పడాలి కదా. ఒకటే కాలుతోందంటే ఆ చక్రానికి బ్రేక్ పూర్తిగా వదలడం లేదని అర్థం. తర్వాత చూస్తే ఎడమ చక్రం రిమ్ము మీద నల్ల పొడి కూడా కుడిదానికి రెండింతలు పట్టి ఉంది. రోజూ తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాను నేను, అది అరిగిపోతున్న ప్యాడ్ పొడి అని తట్టలేదు.

రాత్రి షిఫ్టు తమ్ముడిని కూడా అడిగాను. అతనూ అదే చెప్పాడు, ఎడమవైపు, బండి వేడెక్కాక. ఇద్దరి నడక వేరు, ఇద్దరికీ శబ్దం ఒకటే. "బ్రేక్ మీద కాలు" అన్న మాటకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

మూడో మెయిల్

జులై 21న పంపిన మెయిల్ ఇది. బండి నంబరు తీసేశాను, మిగతాది ఉన్నదున్నట్టు పెడుతున్నాను. తెలుగులోనే రాశాను, సార్‌కి తెలుగు వచ్చు. ఇంగ్లీషులో రాస్తే నా దగ్గర "బ్రేక్ సౌండ్ కమింగ్" దాటి మాటలు లేవు.

"విషయం: బ్రేక్ శబ్దం, ఎడమ ముందు చక్రం, ఆరు వారాల్లోపు మూడుసార్లు తిరిగి వచ్చింది

సార్, నమస్తే.

ఇది కొత్త కంప్లైంట్ కాదు, జూన్ 12న చెప్పిందే. ఇప్పటివరకు జరిగింది: 84,210 దగ్గర ప్యాడ్లు మార్చారు, 86,600 దగ్గర శబ్దం తిరిగి వచ్చింది. 86,640 దగ్గర ఎమరీ పేపరుతో రుద్దారు, 87,500 దగ్గర మళ్లీ వచ్చింది. 87,900 దగ్గర రెండోసారి ప్యాడ్లు మార్చారు, 90,400 దగ్గర మళ్లీ వచ్చింది. ఈ రోజు మీటరు 90,900.

శబ్దం 30 స్పీడు లోపల, మెల్లగా బ్రేక్ వేస్తే వస్తుంది, గట్టిగా వేస్తే రాదు. బండి అరగంట తిరిగాకే వస్తుంది, చల్లగా ఉన్నప్పుడు రాదు. రాత్రి డ్రైవరుకీ ఇలాగే వస్తోంది. ఫ్లైఓవర్ దిగాక చూస్తే ఎడమ ముందు చక్రం కుడిదానికన్నా బాగా వేడిగా ఉంటోంది. పెడల్ మామూలుగానే ఉంది, ఆగే దూరంలో తేడా నాకు కనిపించలేదు. తేడా వచ్చిన నిమిషంలో బండి ఆపి మీకు ఫోన్ చేస్తాను.

నేను అడిగేది కొత్త ప్యాడ్లు కాదు. ఎడమ క్యాలిపర్ రెండు పిన్నులూ బయటికి తీసి చూడమనండి. పిస్టన్ చేత్తో నొక్కితే సాఫీగా వెనక్కి వెళ్తోందో లేదో చూడమనండి. తీసిన ప్యాడ్లు పారేయకుండా నాకు చూపించమనండి. బండి వేడిగా ఉన్నప్పుడు మధ్యాహ్నం తెస్తాను, మెకానిక్ నా పక్కన కూర్చుని ఒక్క పది నిమిషాలు తిరిగితే చాలు. పని అయ్యాక నేను నడిపి చూసి సరే అన్న తర్వాతే జాబ్ కార్డు మూయించండి.

శబ్దం రికార్డు చేసి జత చేశాను."

ఇందులో ఒక లైను రాయడానికి చాలాసేపు పట్టింది. "పెడల్ మామూలుగానే ఉంది, ఆగే దూరంలో తేడా కనిపించలేదు" అన్నది. అది తీసేస్తే మెయిల్ ఇంకా భయపెడుతుంది, పని త్వరగా అవుతుంది అని ఒక మిత్రుడు అన్నాడు. అవుతుందేమో. కానీ నిజం అది. ఒకసారి పెంచి రాస్తే, రేపు నిజంగా పెడల్ దిగినప్పుడు రాసే మాటని ఎవరు నమ్ముతారు?

పాత మెయిల్‌కే జవాబుగా దీన్ని పంపాను, కొత్తగా మొదలుపెట్టలేదు. తెరిస్తే కిందనే మొదటి రెండూ కనిపిస్తాయి. వాట్సాప్‌లో వాయిస్ పెడితే రెండు రోజుల్లో గ్రూపు ఫార్వర్డ్‌ల కిందకి పోతుంది, ఫోన్లో చెప్పింది ఇద్దరి జ్ఞాపకంలో రెండు రకాలుగా ఉంటుంది.

పై పిన్ను

సార్ ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. "ఇంత వివరంగా ఎవరూ రాయలేదయ్యా, రేపు మధ్యాహ్నం తీసుకెళ్లు, ఉస్తాద్‌తో నేను మాట్లాడతా" అన్నారు. ఈసారి కుర్రాడు కాదు, పెద్ద ఉస్తాదే వచ్చి పక్కన కూర్చున్నాడు. రెండో వీధి మలుపులోనే శబ్దం విన్నాడు. ఏం మాట్లాడలేదు, వెనక్కి తిప్పమని చెయ్యి ఊపాడు.

తర్వాత జరిగింది దగ్గరగా కూర్చుని చూశాను. మా లాంటి బండ్లలో క్యాలిపర్, అంటే ప్యాడ్లని పట్టుకుని డిస్క్‌కి అదిమే భాగం, రెండు పిన్నుల మీద పక్కకి జరుగుతూ ఉంటుంది. పిస్టన్ ఒక్క వైపే ఉంటుంది, లోపలి వైపు. బ్రేక్ తొక్కితే పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్క్‌కి నొక్కుతుంది, ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని కూడా లాగి అదుముతుంది. కాలు తీస్తే రెండూ కాస్త వదులవుతాయి. పిన్ను జరగకపోతే అదమాల్సింది సరిగ్గా అదమదు, వదలాల్సింది పూర్తిగా వదలదు.

ప్యాడ్లు మార్చేటప్పుడు చాలామంది చేసేదేమిటంటే కింది బోల్టు ఒక్కటే విప్పి, క్యాలిపర్‌ని పై పిన్ను మీద తలుపులా పైకి లేపుతారు, పాత ప్యాడ్లు తీసి కొత్తవి దూర్చి మళ్లీ దించి బిగిస్తారు. పని తొందరగా అవుతుంది, ప్యాడ్ల వరకు అయితే తప్పు కూడా కాదు. కానీ ఆ పద్ధతిలో పై పిన్ను అసలు బయటికే రాదు. మా బండికి మూడుసార్లూ అలాగే చేశారు. రెండోసారి కుర్రాడు క్యాలిపర్ లేవకపోతే రాడ్డు పెట్టి తన్ని లేపడం నేను చూశాను. చేత్తో లేవాల్సింది రాడ్డు పెడితే కానీ లేవలేదు, అప్పుడే అడగాల్సింది.

ఉస్తాద్ కింది పిన్ను లాగితే జారుకుంటూ వచ్చింది, గ్రీజు మెరుస్తోంది. పై పిన్ను రాలేదు. నూనె కొట్టి, పక్కకీ పక్కకీ తిప్పుతూ, ఇరవై నిమిషాలు పట్టింది. బయటికి వచ్చాక చూస్తే సగం పొడవు ఎర్రటి తుప్పు, దాని మీద ఎండి తారులా అయిన పాత గ్రీజు. పిన్ను మీద ఉండే రబ్బరు తొడుగుకి గోరంత చిరుగు ఉంది. వాన నీళ్లు, బండి కడిగేటప్పుడు ప్రెషర్‌తో కొట్టే నీళ్లు అందులోంచే దూరాయి. పిస్టన్ మాత్రం నొక్కితే మెత్తగా వెనక్కి వెళ్లింది, దాని తప్పేం లేదు.

అప్పుడు ప్యాడ్లు నేల మీద పరిచాం. 3,000 కిలోమీటర్లు తిరిగిన ప్యాడ్లు. కుడి చక్రంవి రెండూ కొత్తవాటిలాగే 10 మిల్లీమీటర్ల పైన ఉన్నాయి. ఎడమ చక్రం బయటి ప్యాడ్ తొమ్మిదిన్నర. ఎడమ లోపలి ప్యాడ్ కింది చివర 7, పై చివర 5, అంటే ఏటవాలుగా చెక్కినట్టు అరిగింది, పిన్ను బిగిసిపోయిన వైపు ఎక్కువగా. డిస్క్‌కి రాసుకునే ముఖం అద్దంలా నున్నగా మెరుస్తోంది. వదలకుండా రాసుకుని రాసుకుని వేడికి అలా గట్టిపడింది. మెల్లగా బ్రేక్ వేసినప్పుడు ఆ నున్నటి ముఖం డిస్క్ మీద అదిరి ఈల వేసింది, గట్టిగా అదిమితే ఆ అదురు ఆగింది. ఎమరీ పేపరుతో రుద్దితే మెరుపు పోయింది కాబట్టి శబ్దం పోయింది, వేడి పోలేదు కాబట్టి 900 కిలోమీటర్లలో మెరుపు తిరిగి వచ్చింది. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు మెరుపు పట్టడానికి 2,400 కిలోమీటర్లు పట్టింది.

నేను రాసిన ఆ కిలోమీటర్ల లెక్క చూసి ఉస్తాద్ అన్న మాట, "రెండుసార్లు కొత్త ప్యాడ్లేస్తే రెండుసార్లూ రెండు వేల చిల్లరకే వచ్చిందంటే ప్యాడ్లది కాదు కదా, ఇది నాకు ముందే చెప్పి ఉంటే మొదటి రోజే తీసేవాణ్ణి." చెప్పి ఉంటే అన్నది ఆయన నన్నే అన్నాడో, ఆఫీసునన్నాడో, తన కుర్రాణ్ణన్నాడో తెలియదు. ముగ్గురికీ వర్తిస్తుంది.

రెండు పిన్నులు, తొడుగులు కొత్తవి వేశారు, రంధ్రం శుభ్రం చేసి బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు పెట్టారు. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్లీ పిన్ను పట్టేస్తుందని ఉస్తాద్ కుర్రాడికి నా ముందే చెప్పాడు. డిస్క్ మందం కొలిచారు, డిస్క్ మీద అచ్చు వేసి ఉండే కనీస మందం కన్నా ఇంకా పైనే ఉంది కాబట్టి దాన్ని మార్చలేదు. ప్యాడ్లు మాత్రం రెండు వైపులా మార్చక తప్పలేదు, ఒక వైపే మారిస్తే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగవచ్చు. పిన్నుల సెట్టు ఖరీదు ఒక జత ప్యాడ్ల ఖరీదులో నాలుగో వంతు కూడా కాలేదు. ఈ తప్పుకి మూడు జతల ప్యాడ్లు పోయాయి.

మేనేజర్ వైపు నుంచి

ఇంతవరకు చదివితే మేనేజర్‌దే తప్పు అనిపించవచ్చు. నాకు అలా అనిపించడం లేదు. ఆయన కింద అరవైకి పైగా బండ్లున్నాయి. రోజూ పొద్దున్నే క్లచ్చు గట్టిగా ఉంది, ఏసీ చల్లగా లేదు, ఏదో సౌండ్ వస్తోంది అంటూ ఫోన్లు. అందులో కొన్ని నిజం, కొన్ని వేరే బండి కావాలని చెప్పేవి, కొన్ని ఆ రోజు సెలవు కోసం చెప్పేవి. ఇది మన డ్రైవర్లందరికీ తెలుసు, ఒప్పుకోవాలి. బండి ఒక రోజు షెడ్డులో ఉంటే ఆ రోజు సంపాదన పోతుంది, దానికి ఆయన పైవాళ్లకి జవాబు చెప్పాలి. "బ్రేక్ సౌండ్" అన్న రెండు ముక్కల మీద ఆయన చేయగలిగింది షెడ్డుకి పంపడమే, ఆయన పంపారు.

అయినా ఒక్క విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. ఒకే బండికి ఒకే భాగం నెలలోపు రెండుసార్లు బిల్లు అయితే ఆ బిల్లే గంట కొట్టాలి. డ్రైవరు ఎలా రాశాడన్నది తర్వాత. 87,900 దగ్గర రెండో జత ప్యాడ్ల బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడు, 3,700 కిలోమీటర్ల కింద వేసినవి ఏమయ్యాయి అని ఎవరో ఒకరు అడగాలి. అది నా మెయిల్ కోసం ఆగాల్సిన ప్రశ్న కాదు. ఈ మాట సార్‌తో కూడా అన్నాను. షెడ్డు బిల్లులు నెలాఖరుకి అన్నీ కలిపి వస్తాయి, బండి వారీగా ఎవరూ విడదీసి చూడరు అన్నారు. అది కారణమే, కాదనను, కానీ మార్చగలిగిన కారణం.

రాస్తే మన మెడకే చుట్టుకుంటుందా?

ఆ రోజు పార్కింగులో ఒక పెద్దాయన ఇంకో మాట అన్నాడు, దానికి జవాబు వెంటనే దొరకలేదు. "రాసిపెట్టినవంటే నీకు తెలిసీ నడిపినవని నువ్వే ఒప్పుకున్నట్టు. రేపు ఏమన్న అయితే నిన్నే పట్టుకుంటరు." ఇది కొట్టిపారేసే మాట కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 190వ సెక్షన్ ఉంది. ప్రమాదం తెచ్చే లోపం ఉందని తెలిసీ బండిని రోడ్డు మీద నడిపినవాళ్లకీ, నడిపించినవాళ్లకీ, నడపనిచ్చినవాళ్లకీ అది వర్తిస్తుంది. కానీ అందులో ఇంకో మాట కూడా ఉంది. తెలియడమే కాదు, మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసి ఉండేది అయినా చాలు. అంటే రాయకుండా ఊరుకుని "నాకు తెలియదు సార్" అంటే చెల్లదు. నెలరోజులుగా కీచుమంటున్న బ్రేక్ గురించి తెలియదని ఏ డ్రైవరు చెప్పగలడు? రాయకపోతే తెలిసిన మనిషిని నేను ఒక్కణ్ణే, రాస్తే బండి నడిపించేవాళ్లు కూడా.

పెద్దాయన భయంలో మిగిలిన నిజం ఏమిటంటే, రాసేశాం కదా అని ఎప్పటిలాగే నడుపుతూ పోకూడదు. నేను మూడు రోజులు నడిపాను. పెడల్, ఆగే దూరం రోజూ చూసుకుంటూనే నడిపాను, అయినా ఆ లోపలి ప్యాడ్ పై చివర 5 మిల్లీమీటర్లకి దిగిన సంగతి చక్రం విప్పేదాకా నాకు తెలియదు. అది 2 అయి ఉంటే? ఈ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. ఇప్పుడైతే మూడు రోజులు ఆగను. ఒక చక్రం వేడిగా ఉందని తెలిసిన పూటే ఆ ఒక్క సంగతి రాసి పంపేస్తాను, మిగతా వివరాలు తర్వాత చేరుస్తాను.

బండి ఇప్పుడు 96,000 దాటింది. శబ్దం లేదు. వారానికోసారి ఫ్లైఓవర్ దిగాక రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తున్నాను, రెండూ ఒకే వేడి. కుడి క్యాలిపర్ పై పిన్ను మాత్రం ఆ రోజు తీయలేదు, టైం లేదన్నారు. దాని తొడుగూ అదే వయసుది, అదే వాన తిన్నది. అందుకే అదే మెయిల్‌కి జవాబుగా ఇంకో రెండు లైన్లు రాశాను, వచ్చే సర్వీసులో కుడి వైపు పిన్నులు కూడా తీయాలని, నాలుగు ప్యాడ్ల మందం జాబ్ కార్డు మీద అంకెల్లో రాయాలని. సార్ "సరే" అని పెట్టారు. సర్వీసు ఈ నెల 28న.